గమన సమీకరణాల ఫార్ములా షీట్: సేవ్ చేసుకున్నాక కూడా పనికొచ్చేలా ఎలా చేశాను

ఫిజిక్స్ చెప్పేవాళ్లలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లో ఫార్ములా షీట్లు పెడతారు. పిల్లలు వాటిని సేవ్ చేసుకుంటారు. కానీ సేవ్ చేసుకున్న షీట్‌ని లెక్క ముందు కూర్చున్నప్పుడు తెరిచి వాడేవాళ్లు తక్కువ. మా విద్యార్థుల ఫోన్లలోనే చూశాను. సేవ్ చేసినవి బోలెడు ఉంటాయి, లెక్క రాగానే మాత్రం "మేడమ్, ఏ ఫార్ములా వాడాలి?" అని నన్నే అడుగుతారు. ఫార్ములా వాళ్ల చేతిలోనే ఉంది, ఏది ఎప్పుడు వాడాలో తేల్చుకునే దారి షీట్‌లో లేదు. నేను చేసిన కారౌసెల్, అంటే పక్కకు జరుపుకుంటూ చూసే స్లైడ్ల పోస్టు, ఆ దారి కోసమే. తీసుకున్న అంశం చిన్నది: త్వరణం మారకుండా సరళరేఖలో జరిగే చలనం, దాని సమీకరణాలు.

ఇక్కడ ఉండే రాశులు ఐదే. స్థానభ్రంశం s, తొలి వేగం u, తుది వేగం v, త్వరణం a, కాలం t. సమీకరణాలు కూడా ఐదు. పుస్తకాల్లో మామూలుగా మూడే ఇస్తారు. మిగతా రెండూ వాటి నుంచే వస్తాయి కాబట్టి తప్పేమీ కాదు. కానీ ఎదురుగా లెక్క పెట్టుకుని వెతుక్కునే మనిషికి ఐదూ ఉంటేనే మేలు. ఎందుకంటే ఒక్కో సమీకరణంలో ఒక్కో రాశి ఉండదు. ఐదు రాశుల్లో ఏది లేకపోయినా దానికి సరిపోయే సమీకరణం ఒకటి ఉంటుంది, ఆరోది ఉండే వీలే లేదు. షీట్ మొత్తాన్ని నిలబెట్టింది ఈ ఒక్క విషయమే.

```
s లేదు :  v = u + at
v లేదు :  s = ut + ½at²
u లేదు :  s = vt − ½at²
t లేదు :  v² = u² + 2as
a లేదు :  s = ½(u + v)t
```

ఏ లెక్కలోనైనా మూడు రాశులు ఇస్తారు, ఒకటి అడుగుతారు. ఇవ్వనిది, అడగనిది ఒకటి మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని పట్టుకుంటే సమీకరణం దానంతట అదే దొరుకుతుంది. కాలం ఇవ్వలేదు, కాలం అడగలేదు అంటే నాలుగో వరుసకు వెళ్లాలి. అంతకన్నా ఆలోచించాల్సింది ఏమీ లేదు.

కాగితం మీద ఇది ఇంత తేలిగ్గా కనిపిస్తుంది. స్లైడ్ మీదికి వచ్చేసరికి వేరే సంగతి. మొదటి నమూనా గీసి, ఒక విద్యార్థికి ఫోన్‌లో ఇచ్చి, పక్కనే కూర్చుని చూశాను. లెక్కలో దూరం అడిగారు. వాడి చూపు నేరుగా సమీకరణాల ఎడమవైపుకు వెళ్లింది. "s కావాలి కదా మేడమ్, ఇదిగో s = అని ఉంది" అని మొదట కనబడినదాన్ని పట్టుకున్నాడు. అందులో t ఉంది, లెక్కలో t లేదు. అక్కడ ఆగిపోయాడు. ఆ తర్వాత మరికొందరికి ఇచ్చి చూసినా అంతే. కావలసింది ఎడమపక్కన ఉన్న ఫార్ములాని వెతకడం పిల్లలకు అలవాటైపోయింది. ఐదింటిలో మూడు s తోనే మొదలవుతాయి కాబట్టి ఆ అలవాటు ఇక్కడ పనిచేయదు.

కాబట్టి చూపు ముందుగా పడాల్సింది ఎడమవైపు ఉన్న అక్షరం మీద కాదు, లేని రాశి మీద. లేని రాశిని పెద్ద అక్షరంలో రాసి దాని మీద అడ్డగీత గీశాను. "కొట్టేశారేంటి మేడమ్, తప్పా?" అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. నోటుపుస్తకంలో కొట్టివేత అంటే తప్పు అనే అర్థం. దాన్ని తీసేసి ప్రతి సమీకరణం ముందు ఐదు చిన్న గళ్లు పెట్టాను, వరుసగా s, u, v, a, t కోసం. నాలుగు గళ్లలో అక్షరాలు ఉంటాయి, ఒకటి ఖాళీ. ఇప్పుడు విద్యార్థి లెక్క చదువుతూ తన కాగితం మీద కూడా ఐదు గళ్లు గీసుకుని, ఇచ్చినవి, అడిగినది నింపుతాడు. ఖాళీగా మిగిలిన గడి ఎక్కడుందో చూసి, షీట్‌లో అదే చోట ఖాళీ ఉన్న వరుసను పట్టుకుంటాడు. అక్షరాలు చదవక్కర్లేదు, ఆకారం పోల్చుకుంటే చాలు. ఈ మార్పు తర్వాత అదే విద్యార్థికి కొత్త లెక్క ఇస్తే, ఏ ఫార్ములా అని నన్ను అడగకుండానే రాసుకుపోయాడు.

ఐదు సమీకరణాలూ ఒకే స్లైడ్‌లో ఉండాలా, ఒక్కోదానికి ఒక్కో స్లైడ్ ఇవ్వాలా అన్నది తర్వాతి ప్రశ్న. ఒక్కోదానికి ఒక్కోటి ఇస్తే అక్షరాలు పెద్దవిగా వస్తాయి, చూడ్డానికీ బాగుంటుంది. అయినా నేను ఒకే స్లైడ్ అన్నాను. సేవ్ చేసిన కారౌసెల్ తెరిస్తే మొదటి స్లైడ్ నుంచే మొదలవుతుంది. కావలసిన ఫార్ములా ఆరో స్లైడ్‌లో ఉంటే తెరిచిన ప్రతిసారీ అన్నీ జరుపుకుంటూ వెళ్లాలి. ఒకసారి చేస్తారు, రెండోసారి విసుగొస్తుంది. పైగా ఐదూ పక్కపక్కన ఉంటే తప్ప ఏ గడి ఖాళీ అని పోల్చుకోవడం కుదరదు. అందుకని మొదటి స్లైడ్ అట్ట, రెండో స్లైడ్‌లో పట్టిక మొత్తం. రెండోదానికి ఇంకో లాభం కూడా ఉంది. పోస్టును చూసి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు అదే పోస్టును రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. అక్కడ అసలు సరుకు ఉంటే మంచిదే కదా.

అట్ట మీద ఎక్కువ రాయలేదు. "త్వరణం మారకపోతే: ఐదు సూత్రాలు" అని పెద్దక్షరాల్లో, స్లైడ్ మధ్యలో. సేవ్ చేసినవాటిలో వెతుకుతున్నప్పుడు కనిపించేది ఈ అట్టే, అదీ చిన్న బొమ్మగా, అంచులు తెగి. ఇంకా ఇంకా వివరాలు కుక్కితే అక్కడ ఏదీ కనబడదు. అంశం పేరు అంచులకు దూరంగా, బొమ్మ చిన్నదైనా చదవగలిగే సైజులో ఉంటే చాలు.

మూడో స్లైడ్ కోసం నేను పడ్డంత శ్రమ మిగతావాటికి పడలేదు. గళ్లు నింపాలంటే లెక్కలో ఇచ్చినవి కనబడాలి. కానీ లెక్కలు రాసేవాళ్లు అన్నీ అంకెల్లో ఇవ్వరు, సగం మాటల్లో దాచిపెడతారు. "నిశ్చల స్థితి నుంచి బయలుదేరింది" అంటే u = 0. "ఆగిపోయింది" అంటే v = 0. "గరిష్ఠ ఎత్తు" అంటే ఆ క్షణానికి v = 0. "జారవిడిచారు" అంటే u = 0. ఈ మాటల్ని గుర్తుపట్టని విద్యార్థికి మూడు రాశులు ఇచ్చిన లెక్కలో రెండే కనిపిస్తాయి, లెక్క అసంపూర్తిగా ఉందనుకుంటాడు. మూడో స్లైడ్ అంతా ఈ మాటల పట్టికే. ఎడమవైపు లెక్కలో వచ్చే మాట, కుడివైపు దాని అర్థం.

ఆ పట్టికలో రెండు వరుసలకు మాత్రం పక్కన హెచ్చరిక రంగు వేశాను. ఒకటి "నేలను తాకింది". దీన్ని చూడగానే చాలామంది v = 0 అని రాసేస్తారు, నేల మీద పడ్డాక రాయి ఆగుతుంది కదా అని. కానీ మన సమీకరణాలు నేలను తాకే క్షణం దాకానే పనిచేస్తాయి. తాకిన తర్వాత నేల రాయిని ఆపుతుంది, అప్పుడు త్వరణం పూర్తిగా వేరు. తాకే క్షణంలో v సున్నా కాదు, మామూలుగా ఆ ప్రయాణంలో అదే అత్యధిక వేగం. ఈ పొరపాటు జరిగిందని ఎలా తెలుస్తుందంటే, పైనుంచి వదిలిన రాయికి u = 0, v = 0 రెండూ వేస్తే v = u + at లో కాలం సున్నా వస్తుంది. అంటే రాయి అసలు పడనే లేదన్నమాట.

రెండోది "జారవిడిచారు" అన్న మాటే. చేతిలోంచో, మేడ మీంచో జారవిడిస్తే u = 0, నిజమే. పైకి లేస్తున్న బెలూన్ నుంచి జారవిడిస్తే? వదిలిన క్షణంలో రాయికి బెలూన్ వేగమే ఉంటుంది. ఒక లెక్క చూడండి. బెలూన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి వెళ్తోంది. నేల నుంచి 60 మీటర్ల ఎత్తులో ఒక రాయిని జారవిడిచారు. నేలను తాకడానికి ఎంత కాలం పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుందాం. పైకి ధనం అనుకుంటే u = 5, a = −10, s = −60, అడిగింది t. ఖాళీ గడి v ది. రెండో సమీకరణం వేయాలి.

```
−60 = 5t − 5t²
t² − t − 12 = 0
t = 4  లేదా  t = −3
```

గడియారం రాయిని వదిలినప్పుడు మొదలైంది కాబట్టి జవాబు 4 సెకన్లు. "జారవిడిచారు" అన్న మాట చూసి u = 0 వేసి ఉంటే సుమారు 3.46 సెకన్లు వచ్చేది. ఆ తేడా ఎక్కడిదో కూడా స్లైడ్‌లో ఒక చిన్న బొమ్మతో చూపించాను: రాయి ముందు కొంచెం పైకి వెళ్లి, ఆగి, అప్పుడు కిందికి పడుతుంది. ఆ పైకి వెళ్లిన కాస్తా లెక్కలోంచి జారిపోతే జవాబు తక్కువ వస్తుంది. పట్టికలో ఆ వరుస పక్కన "దేని నుంచి? అది కదులుతోందా?" అని రెండు ప్రశ్నలు రాసి వదిలేశాను. పూర్తి లెక్క పెడితే స్లైడ్ నిండిపోతుంది, పట్టిక పట్టికలా ఉండదు.

గుర్తుల స్లైడ్ నాలుగోది. ఒక బాణం, దాని మీద "ఇటు ధనం", కింద ఒకే వాక్యం: లెక్క మొదట్లో దిక్కు ఎంచుకోండి, చివరిదాకా మార్చకండి. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను, దానికి కొందరు తోటి ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. స్వేచ్ఛాపతనానికి విడిగా ఇచ్చే h = ut − ½gt² లాంటి రూపాలు షీట్‌లో పెట్టలేదు. అవి తప్పని కాదు. ఫార్ములాలో ఋణ గుర్తు ముందే ఉంటే, విద్యార్థి g స్థానంలో −10 వేస్తాడు, రెండు ఋణాలు కలిసి ధనమైపోతాయి, పైకి విసిరిన రాయి తిరిగి రాదు, అలా వెళ్తూనే ఉంటుంది. అదే సాధారణ రూపం ఒక్కటే ఉంటే గుర్తు పెట్టాల్సిన చోటు ఒక్కటే, a దగ్గర. గుర్తు చేసుకోవాల్సినవి తగ్గడం కన్నా, తప్పు జరిగే చోట్లు తగ్గడం నాకు ముఖ్యం.

అదే కారణంతో n వ సెకనులో ప్రయాణించిన దూరం ఫార్ములా కూడా వదిలేశాను.

```
s = u + a(n − ½)
```

దీన్ని చూస్తే ఎడమవైపు దూరం, కుడివైపు వేగం ఉన్నట్టుంటుంది, ప్రమాణాలు కుదరవు. నిజానికి కుడివైపు మొత్తాన్ని ఒక సెకనుతో గుణించారు, ఆ ఒకటి కనబడదు. తరగతిలో అయితే ఇది చెప్పడానికి చక్కని విషయం. పక్కన చెప్పే మనిషి లేని షీట్‌లో మాత్రం ఇలాంటివి గందరగోళమే. n సెకన్ల స్థానభ్రంశం లోంచి n − 1 సెకన్లది తీసేస్తే అదే జవాబు వస్తుంది, రెండో సమీకరణం చాలు.

ఆ తర్వాతి రెండు స్లైడ్లలో చేసి చూపించిన లెక్క ఒకటి ఉంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకులు వేస్తే సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతోంది. ఎంత దూరంలో ఆగుతుంది? ఈ అంకెల్ని కావాలని ఎంచుకున్నాను. 72 ని 5/18 తో గుణిస్తే సెకనుకు సరిగ్గా 20 మీటర్లు. ప్రమాణాల మార్పు కూడా ఇక్కడే చూపించేయొచ్చు, దానికి వేరే స్లైడ్ అక్కర్లేదు. u = 20, "ఆగుతుంది" కాబట్టి v = 0, a = −5, అడిగింది s. ఖాళీ గడి t ది.

```
0 = 20² + 2(−5)s
s = 40
```

40 మీటర్లు. కాలం కావాలంటే మొదటి సమీకరణం నుంచి 4 సెకన్లు. ఇక్కడిదాకా అందరి షీట్లలోనూ ఉంటుంది. ఆ రెండింటిలో రెండో స్లైడ్‌లో అదే కారు గురించి ఇంకో ప్రశ్న పెట్టాను: బ్రేకు వేసిన 5 సెకన్లకు ఎంత దూరం వెళ్లి ఉంటుంది? గళ్లు నింపి రెండో సమీకరణంలో వేస్తే 100 లోంచి 62.5 పోయి 37.5 మీటర్లు వస్తుంది. 4 సెకన్లకే 40 మీటర్లు వెళ్లిన కారు 5 సెకన్లకు 37.5 దగ్గర ఉండడమేమిటి? సమీకరణానికి కారు ఆగిన సంగతి తెలియదు. త్వరణం −5 గానే కొనసాగిందనుకుని కారును వెనక్కి నడిపించేసింది. నిజం కారుకు బ్రేకు వేగాన్ని సున్నా చేస్తుంది గానీ వెనక్కి తోయదు. జవాబు 40 మీటర్లే. బ్రేకు లెక్కల్లో ముందుగా ఆగే కాలం కనుక్కుని, అడిగిన కాలం దానికన్నా ఎక్కువా తక్కువా చూడమని ఆ స్లైడ్ అడుగున రాశాను. ఫార్ములా షీట్‌లో ఫార్ములా పనిచేయని చోటు ఒక్కటైనా చూపించకపోతే, దాన్ని నమ్ముకున్నవాళ్లకు అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది నాకు.

ఇక గీయడం గురించి. స్లైడ్ కొలత వెడల్పు 1080, ఎత్తు 1350 పిక్సెళ్లు. మొదటి స్లైడ్ ఏ నిష్పత్తిలో ఉంటే మిగతావన్నీ అదే నిష్పత్తికి కత్తిరించబడతాయి కాబట్టి అన్నీ ఒకే కొలతలో చేశాను. కంప్యూటర్ తెర మీద ముచ్చటగా కనిపించే అక్షరం ఫోన్‌లో దాదాపు మూడో వంతుకు తగ్గిపోతుంది. 36 పిక్సెళ్ల అక్షరం ఫోన్‌లో సుమారు 12 సైజులా కనబడుతుంది, అంతకన్నా కిందికి నేను పోలేదు. సమీకరణాల్లో అసలు చిక్కు ఘాతాంకాలది. పక్కన ఎక్కే ఆ చిన్న 2 మామూలు అక్షరంలో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. అది 36 కి తగ్గకూడదంటే సమీకరణం కనీసం 54 ఉండాలి. నేను 64 పెట్టాను. ఐదు వరుసలు ఒకే స్లైడ్‌లో పట్టడానికి పక్కనున్న వివరణలన్నీ తీసేయాల్సి వచ్చింది, తీసేశాక పట్టిక ఇంకా తేటగా కనబడింది.

u, v అక్షరాల సంగతి కూడా చూసుకోవాలి. వాలుగా ఉండే కొన్ని ఫాంట్లలో చిన్న సైజులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ షీట్‌లో ఆ రెండూ కలిసిపోతే ఇక మిగిలేదేముంది? సమీకరణాలను గణితం టైప్ చేయడానికి వాడే లేటెక్‌లో రాసి, దాని గణిత ఫాంట్‌లోనే బొమ్మగా తీసుకున్నాను. అక్కడ u కి కుడివైపు అడుగున తోక ఉంటుంది, v కి ఉండదు. తెలుగు మాటలకు నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వాడాను. వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లను తాకుతాయి. "స్థానభ్రంశం" అన్న ఒక్క మాట చాలు పరీక్షకు. అక్షరాల మధ్య ఎడాన్ని పెంచే సెట్టింగ్‌ని మాత్రం ముట్టుకోలేదు, కొన్ని డిజైన్ యాప్‌లలో దానివల్ల ఒత్తులు అక్షరం నుంచి విడిపోతాయి.

రంగుల విషయంలో పొదుపుగా ఉన్నాను. లేత నేపథ్యం, దాదాపు నల్లని సిరా, హెచ్చరికకు ఒక్క రంగు. అప్‌లోడ్ చేసిన బొమ్మను ఇన్‌స్టాగ్రామ్ మళ్లీ కుదిస్తుంది. జేపెగ్ కుదింపులో వెలుగునీడల కన్నా రంగుల వివరం ఎక్కువగా పోతుంది, కాబట్టి నీలం మీద ఎర్రటి సన్నని ఘాతాంకం లాంటివి అలుక్కుపోతాయి. నలుపు తెలుపు తేడా మీద ఆధారపడితే ఆ ఇబ్బంది రాదు.

ప్రతి స్లైడ్ అడుగునా రెండు ముక్కలు తప్పకుండా పెట్టాను: "త్వరణం స్థిరంగా ఉంటేనే" అన్న షరతు, రాశుల అర్థాలు ఒక్క వరుసలో. రాశుల అర్థాలు ఎందుకంటే కొన్ని పుస్తకాలు తొలి వేగానికి u బదులు v కింద సున్నా పెడతాయి, స్థానభ్రంశానికి s బదులు x వాడతాయి. షరతు ఎందుకంటే పిల్లలు కారౌసెల్ మొత్తాన్ని పంచుకోరు, కావలసిన స్లైడ్‌కి స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. షరతు అట్ట మీదే ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. ఒంటరిగా తిరిగే స్లైడ్‌కి దాని హద్దు దాని మీదే ఉండాలి.

పెట్టే ముందు సరిచూడడానికి ఎక్కువ సమయం తీసుకున్నాను. పోస్టు చేసిన తర్వాత కింద రాసిన మాటలు మార్చుకోవచ్చు గానీ బొమ్మను మార్చి వేరేది పెట్టడం కుదరదు. తప్పుందని తెలిస్తే ఆ స్లైడ్‌ని తొలగించడమో, పోస్టే తీసేయడమో చేయాలి. అప్పటికే సేవ్ అయిన స్క్రీన్‌షాట్లు ఎవరి ఫోన్లో ఎన్ని ఉంటాయో. అందుకని చివరగా తయారైన బొమ్మల్నే ఫోన్‌లో తెరిచి, అంకెలు వేసి చూశాను. u = 3, a = 4, t = 5 అనుకుంటే v = 23, s = 65. ఈ ఐదు అంకెల్నీ ప్రతి సమీకరణంలోనూ వేయాలి. 65 = 115 − 50, సరిపోయింది. 529 = 9 + 520, సరిపోయింది. 65 = ½ × 26 × 5, సరిపోయింది.

ఎంచుకునే అంకెల్లో 0, 1, 2 ఉండకూడదు. కాపీ చేసేటప్పుడు ఎక్కువగా జరిగేది ఘాతాంకం కిందికి జారి మామూలు 2 అయిపోవడం. u = 2 అనుకుంటే u² విలువ 4, 2u విలువా 4. తప్పు బయటపడదు. t = 1 అయితే t², t రెండూ ఒకటే. u = 3 అయితే ఒకటి 9, ఇంకోటి 6, వెంటనే దొరికిపోతుంది. ప్రమాణాలు సరిచూసుకుంటే చాలదా అని అడిగారు ఒకరు. ½ మాయమైతే ప్రమాణాలకు తెలియదు, అంకెలకే తెలుస్తుంది.

కింద రాసే మాటల్లో ఐదు సమీకరణాలనూ మామూలు అక్షరాల్లో మళ్లీ టైప్ చేశాను. బొమ్మల మీద వెతకడం కుదరనప్పుడు ఆ మాటల ద్వారా దొరుకుతుంది. ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్‌లో సమీకరణాన్ని మాటల్లో చదివినట్టు రాశాను, తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు అది తప్ప దారి లేదు.

పెట్టాక నేను చూసింది లైకులు కాదు. పోస్టు గణాంకాలు చూపే ఇన్‌సైట్స్‌లో సేవ్‌ల లెక్క ఉంటుంది, అది బాగానే పెరిగింది. అయితే షీట్ పనిచేస్తోందో లేదో సేవ్‌ల కన్నా ప్రశ్నలే బాగా చెప్పాయి. ఏ ఫార్ములా అన్న ప్రశ్న దాదాపు ఆగిపోయింది. దాని బదులు కొత్త రకం ప్రశ్న మొదలైంది. ఒక అమ్మాయి గళ్లు గీసిన కాగితం ఫొటో పంపింది. "మేడమ్, ఇందులో a కి రెండు విలువలున్నాయి, ఒక్క గడిలో ఎలా రాయాలి?" రైలు నిశ్చల స్థితి నుంచి 2 త్వరణంతో 10 సెకన్లు వెళ్లింది, అదే వేగంతో 30 సెకన్లు, తర్వాత 4 ఋణ త్వరణంతో ఆగింది. మొత్తం దూరం ఎంత అని లెక్క.

నాకు సంతోషం కలిగించిన ప్రశ్న అది. షరతు చదివింది కాబట్టే ఇబ్బంది ఆమెకు కనబడింది. త్వరణం మారిన చోటల్లా లెక్కను తెంపి, ప్రతి ముక్కకూ కొత్త గళ్లు గీయాలి. మొదటి ముక్కలో v = 20, s = 100. రెండో ముక్కలో త్వరణం లేదు, 20 ని 30 తో గుణిస్తే 600. మూడో ముక్కలో u = 20, v = 0, a = −4, ఖాళీ గడి t, దూరం 50. మొత్తం 750 మీటర్లు. ముక్కల్ని కలిపే ముడి ఒక్కటే: ముందు ముక్క v గడిలో ఉన్న అంకె తర్వాతి ముక్క u గడిలోకి దిగుతుంది.

పోస్టు చేసిన కారౌసెల్‌లో స్లైడ్ కలపడం కుదరదు కాబట్టి దీన్ని రెండో షీట్‌గా చేస్తున్నాను. మూడు వరుసల గళ్లు ఒకదాని కింద ఒకటి, పై వరుస v నుంచి కింది వరుస u కి ఒక బాణం. వేగం-కాలం గ్రాఫ్ పక్కనే పెట్టాలా, తర్వాతి స్లైడ్‌లోనా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ అమ్మాయికే రెండు నమూనాలూ ఇచ్చి, పక్కన కూర్చుని చూడాలి.